రజ్జి పెట్టిన స్టేటస్

పొద్దున ఐదున్నరకు నారాయణఖేడ్ బస్టాండులో సంగమేశ్ అడిగింది కల్హేర్ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందని. కంట్రోలర్ వీరప్ప చెప్పింది మాత్రం వేరే సంగతి.

"హ్యాపీ మ్యారేజ్ డే రా సంగమేశ్! రజ్జి స్టేటస్ చూసిన. మస్తు పెట్టింది. నువ్వు చూసినవా?"

"చూసిన, చూసిన" అన్నాడు సంగమేశ్, టికెట్ మిషన్ తాడు మెడలో వేసుకుంటూ.

చూడలేదు. చూసే దారి కూడా లేదు. రెండేళ్ల కింద ఇదే రోజున కూతురి నంబరును తన ఫోన్లోంచి తన చేతులతోనే తీసేసిన మహానుభావుడు ఆయన.

సంగమేశ్ ఆర్టీసీలో కండక్టరుగా చేరి ఇరవై నాలుగేళ్లయింది. ఇంజను ఎంత మొత్తుకున్నా ఆయన గొంతు వెనక సీటు దాకా వినబడుతుంది. ఏ ఊళ్లో ఎవరు దిగుతారో, ఎవరికి దిగేటప్పుడు చెయ్యి అందించాలో ఆయనకు తెలుసు. బస్సులో ఎవరైనా గొడుగు మరిచిపోతే వాళ్ల నంబరు కనుక్కొని మరీ ఫోన్ చేస్తాడు. ఊరందరికీ ఇంత మంచివాడు, ఇంట్లో మాత్రం పట్టిన పట్టు విడవడు. భార్య భాగ్య బస్టాండు ఎదురుగా చిన్న గదిలో బ్లౌజులు కుడుతుంది. ఒక్కతే కూతురు రజిత, ఇంట్లో రజ్జి. నర్సింగ్ చదివి, కువైట్‌లో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నది.

రెండేళ్ల కింద, పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండిన రోజున, సంగమేశ్ డిపో అంతటినీ భోజనానికి పిలిచాడు. బిడ్డ వస్తుందని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. బస్సులో ప్యాసింజర్లకు కూడా చెప్పాడు, వాళ్లు అడగకపోయినా. ముందు రోజు రజిత ఫోన్ చేసింది. "నాయినా, లీవు క్యాన్సిలయింది. డ్యూటీ పడ్డది. నా చేతుల లేదు నాయినా" అని ఏడ్చింది.

"ఏం డ్యూటీ? నువ్వు లేకుంటే దవాఖాన బందయితదా? యాభై మందికి చెప్పిన, ఇప్పుడు నా మొఖం ఏడ పెట్టుకోవాలె? ఇగ నాకు ఫోన్ చెయ్యకు!" అని ఫోన్ కట్ చేశాడు. తెల్లవారి విందు అయ్యేదాకా నవ్వు మొఖం పెట్టుకొని తిరిగి, వడ్డన అయిపోయాక వంట గిన్నెల పక్కన కూర్చొని నంబరు తీసేశాడు.

పండుగనాడు డ్యూటీ పడితే పండుగను వదిలేసి బస్సెక్కిన మనిషి ఈ మాట అనడమేమిటని మీరు అడగొచ్చు. భాగ్య కూడా అడిగింది. ఆయన ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాడు.

అప్పటినుంచి రజిత ప్రతి శుక్రవారం తల్లికే ఫోన్ చేస్తుంది. భాగ్యది బటన్ల ఫోను. మిషన్ తొక్కుతూ మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకొని మాట్లాడడానికి అదే అనువని పెద్ద ఫోన్ కొననివ్వలేదు. ఆ శుక్రవారం సంగమేశ్‌కు డ్యూటీ లేకపోతే పక్క గదిలో పేపరు పట్టుకొని కూర్చుంటాడు. ఆ పది నిమిషాల్లో పేజీ ఒక్కటి కూడా తిరగదు. భాగ్య చూసీ చూడనట్టు ఫోన్ సౌండు పెంచుతుంది. అయినా బటన్ల ఫోన్లోంచి పక్క గదికి వచ్చేది గొంతు మాత్రమే, మాటలు అర్థం కావు. ఆయనకు గొంతు చాలనిపిస్తుంది, ఫోన్ పెట్టేశాక చాలదనిపిస్తుంది.

కల్హేర్ బస్సు కదిలింది. డ్రైవరు శ్రీను స్టీరింగ్ తిప్పుతూనే అందుకున్నాడు.

"అన్నా, శుభాకాంక్షలే! ఏం ఫొటో పెట్టిందే మీ బిడ్డ! పాత ఫొటో. నీకు నిండా వెంట్రుకలున్నయి అండ్ల."

"ఏ ఫొటో?" అని నోటిదాకా వచ్చింది. చూసినవాడు అడగాల్సిన ప్రశ్న కాదది. మింగేశాడు.

"చూసినవ్ గదా?" అన్నాడు శ్రీను.

"చూడకెక్కడ పోత" అని వెనక్కి నడిచాడు.

శ్రీనును ఒక్కమాట అడిగితే ఫోన్ తీసి చేతిలో పెట్టేవాడు. అడిగితే తండ్రీ కూతుళ్లకు రెండేళ్లుగా మాటల్లేవన్న సంగతి మధ్యాహ్నానికల్లా డిపోకు తెలుస్తుంది. ఏడాదికోసారి రజిత పెట్టే ఆ స్టేటస్ వల్లే ఇంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు. పోయిన ఏడాది కూడా ఇలాగే అందరూ మెచ్చుకుంటుంటే తలూపుతూ రోజంతా గడిపాడు. తెల్లవారేసరికి అది మాయమైపోయింది. ఏం రాసిందో ఈనాటికీ తెలియదు.

కల్హేర్‌లో కూరగాయల బుట్టతో బసమ్మ ఎక్కింది. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్ తీసుకొని, చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నీ బిడ్డ పెట్టింది నా మనుమరాలు చదివి ఇనిపించింది కొడుకా. రెండే మాటలు రాసింది. నాకైతే ఏడుపొచ్చింది."

"ఏం మాటలవ్వా?" ఈసారి ఆపుకోలేకపోయాడు.

"నువ్వు చదివే ఉంటవు గదా, నాకాడికెల్లి ఎందుకు ఇనుడు?" అని నవ్వి, ఆమె కిటికీ వైపు జరిగింది.

ఇక ఆ తర్వాత సంగమేశ్ చిల్లర సరిగా ఇచ్చాడో లేదో దేవుడికే తెలియాలి. రెండు మాటలు. రెండు మాటలకే బసమ్మ ఏడ్చింది. బసమ్మ ఊరికే ఏడ్చే మనిషి కాదు. నలభై ఏళ్లుగా అంగడిలో బేరం చేస్తున్న మనిషి. ఏం రాసి ఉంటుంది? తన పేరు రాసిందా, లేక అమ్మకే శుభాకాంక్షలు చెప్పిందా? రాయకపోతే తప్పు ఆమెది కాదని ఆయనకు తెలుసు. అయినా రాసి ఉండాలని కోరుకున్నాడు. బిడ్డను చూడాలని ఉంది. అంతకంటే, బిడ్డ తనను ఇంకా నాయినా అని పిలుస్తున్నదో లేదో తెలుసుకోవాలని ఉంది.

తిరిగి నారాయణఖేడ్ చేరాక వీరప్ప దగ్గర ఆగి, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"అన్నా, స్టేటస్ ఎప్పటిదాక ఉంటది?"

"ఇరవై నాలుగు గంటలు. రజ్జి నిన్న సాయంత్రం ఆరు యాభైకి పెట్టింది. ఇయ్యాల ఆరు యాభైకి పోతది. ఎందుకు?"

"ఊకెనే."

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాడు. భాగ్య జొన్నరొట్టెలు చేసి, పెళ్లి రోజని గిన్నెడు సేమియా పాయసం కూడా కాచింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా కొత్త చీర కట్టుకుంది.

"పొద్దున బిడ్డ ఫోన్ చేసింది" అన్నది రొట్టె వేస్తూ. "మంచిగున్నరా అని అడిగింది. ఇద్దర్ని అడిగింది."

సంగమేశ్ రొట్టె తుంచుతూనే ఉన్నాడు.

"దుకాణంకాడికి వచ్చినోళ్లంత స్టేటస్ మంచిగుంది అంటున్నరు. నా ఫోన్ల రాదాయె. నీ ఫోన్ల..." అని ఆగిపోయింది. ఆమె దెప్పిపొడిచినా బాగుండేది. ఆమె ఆగిపోయిన తీరుకే ఆయన చేతిలోని రొట్టెను పక్కన పెట్టాడు.

భాగ్య పెరుగు తేవడానికి లోపలికి పోగానే గూట్లో ఉన్న బటన్ల ఫోన్ తీశాడు. సొంతింట్లో, సొంత భార్య ఫోన్లోంచి, సొంత బిడ్డ నంబరును దొంగలాగా తీసుకోవాల్సి రావడం ఆయన చేసుకున్న పనే. పొద్దున వచ్చిన ఫోను, పైనే ఉంది. ప్లస్ తొమ్మిది ఆరు ఐదు, ఆ తర్వాత ఎనిమిది అంకెలు. జేబులోని టికెట్ కాగితం ముక్క మీద ఆ ఎనిమిది అంకెలూ రాసుకున్నాడు. ప్యాసింజర్ల నంబర్లు రాసుకునే ఇన్నేళ్ల అలవాటులో ముందున్న ప్లస్ తొంభై ఒకటిని ఎప్పుడూ రాయలేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. ఇదీ అలాంటిదే అనుకొని వదిలేశాడు.

మనూర్ ట్రిప్పు మొదలయ్యే ముందు, బస్సు వెనక నిలబడి ఆ నంబరును ఫోన్లో దాచుకున్నాడు. పేరు దగ్గర 'రజ్జి' అని కొట్టబోయి ఆగి, 'కువైట్ నంబర్' అని కొట్టాడు. పంతం ఇంకా కొంచెం మిగిలి ఉంది. వాట్సాప్ తెరిచి వెతికాడు. పేరు కనబడింది, కానీ అట్టడుగున. బొమ్మ లేదు. పక్కన 'ఇన్వైట్' అని ఉంది, అంతే. స్టేటస్‌లు కనబడే చోట శ్రీనుది ఉంది, మేనల్లుడిది ఉంది, ఎవరో ఎరువుల దుకాణం వాళ్లది కూడా ఉంది. కూతురిది లేదు.

తనను తీసేసిందనుకున్నాడు. తాను తీసేసినట్టే ఆమె కూడా తీసేసింది. ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? మెట్టు మీద నిలబడి రైట్ రైట్ అన్నాడు గానీ, ఆ గొంతు వెనక సీటు దాకా పోలేదు. శ్రీను వెనక్కి తిరిగి "ఏందన్నా, తబియత్ మంచిగ లేదా?" అని అడిగాడు.

మనూర్ చేరేసరికి ఐదున్నర. బస్సు అక్కడ పావుగంట ఆగుతుంది. వేప చెట్టు కింద బెంచీ మీద మొగులప్ప కూర్చొని ఉన్నాడు. పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో మేస్త్రీ పని చేసి, నడుం నొప్పితో తిరిగొచ్చి ఇప్పుడు కందులు వేస్తున్నాడు. సంగమేశ్ ఆయన పక్కన కూర్చొని, ఎవరూ వినడం లేదని చూసుకొని, ఫోన్ ముందుకు జరిపాడు.

"మొగులన్నా, ఒక్కటి చెప్పు. బయటి దేశమోళ్లు మనల్ని తీసేస్తే ఇట్లనే వస్తదా?"

మొగులప్ప కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు.

"తీసేసుడు కాదు, నువ్వే సక్కగ వెయ్యలేదు. కువైట్ నంబరుకు ముందు ప్లస్ తొమ్మిది ఆరు ఐదు ఏది? అది లేకుంటే ఇండియా నంబర్ అనుకుంటది. ఇండియాల ఎనిమిదంకెల మొబైల్ నంబరుంటదా?"

"నాకు తెల్వకపాయె!"

"దుబాయ్ పోయిన కొత్తల మా ఇంటోళ్లు గూడ గిట్లనే చేసిన్రు. రెండు నెలలు నేను సచ్చిపోయిననుకున్నరు." మొగులప్ప వేలితో ఒక్కొక్క అంకె కొట్టించాడు. "ఇగ విను. నీ ఫోన్ల ఆమె నంబర్ ఉంటే సరిపోదు. ఆమె ఫోన్ల నీ నంబర్ గూడ ఉండాలె. ఇద్దరి దగ్గర ఉంటేనే స్టేటస్ కనబడ్తది. ఎవరిది గీ నంబర్?"

సంగమేశ్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. "నా బిడ్డది" అన్నాడు. "రెండేండ్లాయె మాట్లాడక. నేనే తీసేసిన."

పొద్దుటినుంచి ఆయన చెప్పిన మొదటి నిజం ఇదే. మొగులప్ప ఎందుకని అడగలేదు. పద్దెనిమిదేళ్లు దూరదేశంలో ఉన్నవాడికి అలాంటివి అడగకూడదని తెలుసు.

"ఇంకోటి" అన్నాడు మెల్లగా. "స్టేటస్ పెట్టినోళ్లకు, ఎవరెవరు చూసిన్రో పేర్లు పడ్తయి. నేను దుబాయ్‌ల పెట్టి, గంటకోసారి ఆ పేర్లు చూసుకుంటుంటి. నూరు మంది చూసినా, ఇంటోళ్ల పేరు వచ్చేదాక నిద్ర పట్టకపోతుండె. నీకు కనబడితే బొటనవేలు ఆనిచ్చి పట్టుకో. లేకుంటే చదవకముందే జరిగిపోతది."

సంగమేశ్ లేచి నిలబడ్డాడు. పోయిన ఏడాది కువైట్‌లో ఒక గదిలో తన బిడ్డ ఆ పేర్ల పట్టీని ఎన్నిసార్లు తీసి చూసుకుందో అనుకున్నాడు. వీరప్ప పేరుంది, శ్రీను పేరుంది, ఊరంతా ఉంది, తన పేరు లేదు. డ్యూటీ అంటే ఏమిటో తెలియనివాడా తాను? రజ్జి ఏడో తరగతిలో బడి వార్షికోత్సవానికి పాట పాడితే, ఆఖరి నిమిషంలో జహీరాబాద్ డ్యూటీ పడి పోలేకపోయాడు. ఆ రాత్రి ఆ పిల్ల అలగలేదు. "డ్యూటీ పడ్డది గదా నాయినా" అని, ఆయన బూట్లు విప్పుతుంటే పక్కన నిలబడి ఆ పాటంతా మళ్లీ పాడింది.

మనూర్‌లో సిగ్నల్ అంతంతమాత్రం. నంబరు సరి చేశాక తెరపైన చక్రం తిరుగుతూనే ఉంది, ఏమీ రాలేదు. బస్సు బయలుదేరింది. ఊరూరా ఆగింది. ఒక ముసలాయన మెట్టెక్కడానికే రెండు నిమిషాలు తీసుకున్నాడు. మామూలుగా చెయ్యి అందించే సంగమేశ్ ఈసారి ఆయనను దాదాపు ఎత్తి లోపల పెట్టాడు. ఆరున్నరకు నారాయణఖేడ్ పొలిమేర చేరేసరికి జేబులో ఫోన్ రెండుసార్లు అదిరింది. తీసి చూశాడు.

రజ్జి బొమ్మ వచ్చింది. ఆ బొమ్మ చుట్టూ ఆకుపచ్చ గీత.

ఆమె తన నంబరును తీసేయలేదు. నిరుడు తీసేయలేదు, ఈ ఏడూ తీసేయలేదు. నాయిన తనను తీసేసిన ఈ రెండేళ్లూ ఆయనను అక్కడే ఉంచుకున్నది. సంగమేశ్ వేలు తెర మీదికి పోయి ఆగింది. ఒక్కడే చూడబుద్ధి కాలేదు. ఇది ఇద్దరికి పెట్టింది. పొద్దుటినుంచి ఊరంతా చూసింది, చూడనిది తామిద్దరే.

బస్టాండులో ప్యాసింజర్లు దిగేసరికి ఆరు ముప్పై ఎనిమిది. "శ్రీనూ, బండి డిపోల పెట్టు. నేను పది నిమిషాల్ల వస్త" అని, యాభై రెండేళ్ల కండక్టరు మెడలో టికెట్ మిషన్ ఊగుతుండగా రోడ్డు దాటి ఉరికాడు. వెనక ఆటోవాడు ఏదో తిట్టాడు.

భాగ్య మిషన్ ముందు కూర్చొని హుక్కులు కుడుతున్నది. ఆయాసపడుతూ వచ్చిన భర్తను చూసి సూది కింద పెట్టింది.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికేం కాలేదు. జెర జరుగు."

ఆమె పక్కన స్టూలు మీద కూర్చొని ఫోన్ ఇద్దరి మధ్య పట్టుకున్నాడు. రజ్జి బొమ్మను నొక్కి, మొగులప్ప చెప్పినట్టు బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు.

ఫొటోలో బస్సు ఉంది. కిటికీ పక్క సీటులో భాగ్య, ఆమె ముందు ఖాకీ చొక్కాలో సంగమేశ్. నవ్వు ఆపుకుంటూ ఆమెకు టికెట్ కొట్టి ఇస్తున్నాడు. పెళ్లాం ఎక్కినా టికెట్ కొట్టకుండా వదలడని అప్పట్లో డిపో అంతా ఏడిపించేది. రజ్జి ఇంటర్ చదివేటప్పుడు తీసిన ఫొటో అది. దాని కింద తెలుగులో రాసి ఉంది. భాగ్య పెదవులు కదుపుతూ చదివింది.

"అమ్మా, నాయినను జెర చూసుకో. నాయినా, అమ్మను జెర చూసుకో. మీ ఇద్దర్ని చూసుకునే డ్యూటీ నాకెప్పుడు పడుతదో. పెండ్లి రోజు శుభాకాంక్షలు. మీ రజ్జి."

అంతే. ఇంకేమీ లేదు. భాగ్య మళ్లీ మొదటినుంచి చదివింది. సంగమేశ్ వేలు తీయలేదు. వేలు తీస్తే పోతుందేమోనన్న భయం, తీయకపోతే ఆమె చెంపలు తుడవలేనన్న బాధ. చివరికి ఎడమ చేత్తో తన కళ్లు తుడుచుకొని, అదే చేత్తో ఆమె చెంపలు తుడిచాడు.

"నాయినా అని రాసింది చూసినవా?" అన్నది భాగ్య.

ఆయన తలూపాడు.

గోడ గడియారంలో ఆరు యాభై అయింది. వేలు తీశాడు. ఫొటో పక్కకు జరిగి మళ్లీ పేర్ల వరుస వచ్చింది. అందులో రజ్జి పేరు లేదు. సరిగ్గా ఇరవై నాలుగు గంటలకు స్టేటస్ పోయింది. ఇద్దరూ ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ కూర్చున్నారు. డిపోలో శ్రీను ఎదురుచూస్తున్నాడని గుర్తొచ్చి సంగమేశ్ లేవబోయాడు.

అప్పుడు ఫోన్ అదిరింది. 'కువైట్ నంబర్' నుంచి ఒక గొంతు మెసేజీ. నొక్కాడు. వెనక ఏవో మిషన్ల చప్పుడు, ఎవరో వేరే భాషలో పిలుస్తున్నారు. ఆ చప్పుళ్ల మధ్య రజ్జి, పరుగెత్తి వచ్చినట్టు ఎగశ్వాసతో మాట్లాడుతున్నది.

"నాయినా, నీ పేరు పడ్డది. పోయే ముంగట ఒక్కసారి చూద్దామని తీస్తే అందరికంటే పైన నీ పేరు పడ్డది. రెండేండ్ల సంది నీ పేరే దేవులాడుతున్న నాయినా. చూసింది నువ్వేనా? ఊకెనే వేలు తగిలిందా?"

సంగమేశ్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఏ బటన్ నొక్కి మాట్లాడాలో ఆ తొందరలో తెలియలేదు. భాగ్య తన వేలితో చూపించింది, పెద్ద ఫోన్ ఎన్నడూ వాడని మనిషి. పొద్దుటినుంచి ఊరందరికీ అబద్ధంగా చెప్పిన మాటే మళ్లీ చెప్పాడు.

"చూసిన బిడ్డా. నేను, అమ్మ, ఇద్దరం చూసినం."